కేబులా, స్విచ్చా, సర్వరా? ఐపెర్ఫ్‌తో కొలిచి తేల్చుకోవడం ఎలా

ఆఫీసులో ఫైలు నెమ్మదిగా తెరుచుకుంటే చాలామంది ముందు చేసే పని ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ పెట్టడం. అది కొలిచేది బయటినుంచి వచ్చే లైను వేగాన్ని. మీ సీటుకీ లోపలి గదిలో ఉన్న సర్వర్‌కీ మధ్య ఏం జరుగుతోందో దానికి తెలియదు. ఇంకొందరు పెద్ద ఫైలు కాపీ చేసి చూస్తారు. కాపీలో రెండు వైపులా ఉన్న డిస్కులు, యాంటీవైరస్, ఫైల్ షేరింగ్ అన్నీ కలిసిపోతాయి. నెమ్మది అని తెలుస్తుంది కానీ, ఎక్కడ నెమ్మది అన్నది తెలియదు.

ఐపెర్ఫ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఈ చిక్కు విడదీస్తుంది. అది డేటాను మెమరీలోనే తయారుచేసి అవతలి మెషిన్‌కు పంపుతుంది, అవతలిది అందుకుని లెక్కపెట్టి పారేస్తుంది. డిస్క్ ప్రమేయం ఉండదు కాబట్టి వచ్చిన అంకె ఆ రెండు పోర్టుల మధ్య దారిదే. ఇక చేయాల్సిందల్లా ఆ దారిలోకి ఒక్కొక్క వస్తువునే చేరుస్తూ, చేర్చినప్పుడల్లా మళ్లీ కొలవడం. ఏది చేర్చగానే అంకె పడిపోయిందో తప్పు అక్కడుంది.

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఇదే వరసలో వెళ్లాం. ఆఫీసు గదిలో సర్వరు ఉంది. గ్రేడింగ్ హాల్లో ఒక కంప్యూటర్ ఉంది. రెంటికీ మధ్య గోడల వెంట, ప్లాంటు వెనక వరండా మీదుగా అరవై మీటర్ల పైచిలుకు కేబుల్ వెళ్లింది. హాల్లో లాట్ల షీటు తెరవాలంటే నిమిషం పడుతోంది. వెళ్లగానే మేనేజర్ గారు అడిగిన మాట, "ఏవండీ, సర్వరు పాతదైపోయిందండి, కొత్తది కొనేద్దామా అండి?" కొలవకుండా దానికి జవాబు చెప్పకూడదు. కొలిచాక ఏం తేలిందో ఒక్కో మెట్టు దగ్గర చెబుతాను.

ముందు ఏమేం కావాలి

గిగాబిట్ పోర్టు ఉన్న లాప్‌టాప్‌లు రెండు. పోర్టు లేక యూఎస్‌బీ అడాప్టర్ వాడాల్సివస్తే అది యూఎస్‌బీ 3.0ది అయ్యుండాలి. 2.0 అడాప్టర్ గిగాబిట్‌ను మోయలేదు, తప్పు కేబుల్‌ది అనుకుని మీరు అనవసరంగా గోడలు తవ్విస్తారు. ఇంకా కంపెనీలోనే ప్లగ్గులు బిగించి వచ్చిన పొట్టి క్యాట్ 6 ప్యాచ్ కార్డులు రెండు. చేత్తో క్రింప్ చేసినవి దీనికి పనికిరావు, ఎందుకంటే వీటితోనే మిగతావాటిని తూచబోతున్నాం.

లాప్‌టాప్‌లలో లినక్స్ ఉంటే మేలు. లేకపోతే పెన్‌డ్రైవ్‌నుంచి లైవ్‌గా బూట్ చేసినా చాలు. విండోస్‌లోనూ ఐపెర్ఫ్ నడుస్తుంది గానీ, ఎన్ని ప్యాకెట్లు మళ్లీ పంపాల్సివచ్చిందో చెప్పే Retr అనే నిలువు వరస అక్కడ కనపడదు. మన పనికి అదే ముఖ్యం. రెండు వైపులా iperf3 ఉండాలి. పాత iperf 2 దీనితో మాట్లాడదు.

```
sudo apt install iperf3
```

మొదటి మెట్టు: రెండు లాప్‌టాప్‌లు, మధ్యలో ఒక్క కార్డు

స్విచ్ ఊసెత్తకుండా రెండు లాప్‌టాప్‌లనూ మంచి ప్యాచ్ కార్డుతో నేరుగా కలపండి. గిగాబిట్ పోర్టులకు క్రాస్ కేబుల్ అక్కర్లేదు, అవే సర్దుకుంటాయి. రెంటిలోనూ వైఫై కట్టేయండి. వైఫై నడుస్తుంటే, రెండు దారులూ ఒకే నెట్‌వర్క్ నంబర్లలో ఉంటే, టెస్ట్ గాల్లోంచి వెళ్లిపోయి మీకు తప్పుడు అంకె చూపిస్తుంది. అందుకే ఆఫీసులో ఎవరూ వాడని నంబర్లు ఇవ్వండి. ఒకదానికి 10.10.10.1, రెండోదానికి 10.10.10.2.

```
sudo ip addr add 10.10.10.1/24 dev enp2s0
```

enp2s0 బదులు మీ పోర్టు పేరు పెట్టాలి. `ip link` కొడితే కనిపిస్తుంది. నెట్‌వర్క్ మేనేజర్ ఈ నంబరును కాసేపటికి తుడిచేస్తుంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మాన్యువల్‌గా ఇచ్చేయండి. రెండో లాప్‌టాప్‌లో:

```
iperf3 -s
```

మొదటిదాంట్లో:

```
iperf3 -c 10.10.10.2 -t 30
iperf3 -c 10.10.10.2 -t 30 -R
```

మొదటి కమాండ్‌లో మొదటి లాప్‌టాప్ పంపుతుంది. `-R` పెడితే అవతలిది పంపుతుంది. ఈ రెండో వరుసను ఎప్పుడూ వదలకండి. ఒక దిక్కున బాగుండి ఇంకో దిక్కున కుంటే లింకులు చాలా ఉంటాయి, ఒక్క వైపే చూస్తే అవి దొరకవు. Connection refused అని వస్తే అవతల `iperf3 -s` నడవడం లేదన్నమాట. అసలు ఉలుకూ పలుకూ లేకుండా చాలాసేపు ఆగిపోతే ఫైర్‌వాల్ 5201 పోర్టును ఆపుతోందేమో చూడండి.

అంతా సరిగా ఉంటే చివర్లో ఇలా కనపడాలి:

```
[  5]  0.00-30.00 sec  3.29 GBytes  941 Mbits/sec   0  sender
[  5]  0.00-30.00 sec  3.29 GBytes  941 Mbits/sec      receiver
```

వెయ్యి రావాలి కదా అని టెన్షన్ పడకండి. తీగ మీద డేటా ఫ్రేములనే చిన్న మూటలుగా వెళ్తుంది, నిండు ఫ్రేము ఒక్కోదానికీ 1538 బైట్ల చోటు పోతుంది. అందులో అసలు డేటా 1448 బైట్లే, మిగతాది చిరునామాలు, హెడర్లు, ఫ్రేముల మధ్య విరామం. ఆ లెక్కన వెయ్యికి 941 వస్తుంది. అంటే గిగాబిట్ లింకులో 941 నిండు మార్కులు. వంద ఎంబీపీఎస్ లింకులో నిండు మార్కులు 94. ఈ రెండు అంకెలూ గుర్తుంటే సగం పని అయినట్టే. 94 దగ్గర స్థిరంగా ఆగిందంటే లింకు వందకు దిగిపోయింది, అది వేరే జాతి జబ్బు. 395, 610 లాంటి అటూ ఇటూ కాని అంకె వచ్చి పక్కన Retr పెరుగుతోందంటే దారిలో ప్యాకెట్లు చెడిపోతున్నాయి.

ఈ మొదటి మెట్టులోనే 941 రాకపోతే ముందుకు వెళ్లకండి. లాప్‌టాప్ మార్చండి, అడాప్టర్ మార్చండి. కొలబద్దే వంకరగా ఉంటే తర్వాత వచ్చే ఏ అంకెనూ నమ్మలేం.

రెండో మెట్టు: స్విచ్

ఇప్పుడు రెండు లాప్‌టాప్‌లనూ ఆఫీసు స్విచ్ దగ్గరికి తీసుకెళ్లండి. సర్వర్ కేబుల్, హాలు కేబుల్ ఏ పోర్టుల్లో ఉన్నాయో రాసుకుని, వాటిని తీసి, సరిగ్గా ఆ పోర్టుల్లోనే మీ మంచి కార్డులతో లాప్‌టాప్‌లు పెట్టండి. ఖాళీగా ఉన్న పోర్టులు వాడితే పరీక్ష చేసినట్టు కాదు. జబ్బు ఉందనుకుంటున్న పోర్టులనే కొలవాలి. పని జరిగే వేళ అయితే పది నిమిషాలు ఆగమని ముందే చెప్పండి.

ప్లాంట్‌లో ఇక్కడే మొదటి సంగతి బయటపడింది. రెండు దిక్కులా 94, Retr సున్నా. లింకు ఎంతకు కుదిరిందో చూస్తే:

```
sudo ethtool enp2s0 | grep -E 'Speed|Duplex'
```

Speed: 100Mb/s అని వచ్చింది. స్విచ్ మీదకు వంగి చూస్తే అది సీసీ కెమెరాల కోసం కొన్న పీఓఈ స్విచ్. ఈ రకం స్విచ్‌లలో చాలావాటికి కెమెరాలకు కరెంటు ఇచ్చే ఎనిమిది పోర్టులూ వంద ఎంబీపీఎస్‌వి, పక్కన విడిగా ఉన్న రెండు అప్‌లింక్ పోర్టులు మాత్రమే గిగాబిట్. డబ్బా మీద గిగాబిట్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఆ మాట ఆ రెండు పోర్టుల గురించి. సర్వరూ హాలూ రెండూ కెమెరాల పోర్టుల్లో దూరి ఉన్నాయి. లాప్‌టాప్‌లను ఆ రెండు అప్‌లింక్ పోర్టుల్లోకి మార్చి మళ్లీ కొలిస్తే 941. స్విచ్ పాడవలేదు, పెట్టిన చోటే తప్పు. డెల్టాలో చిన్న మిల్లుల్లో, ప్లాంట్లలో, ఆసుపత్రుల్లో కెమెరాల వాళ్లు వేసిన స్విచ్ మీదే ఆఫీసు మొత్తం నడుస్తుండటం మామూలే కాబట్టి ఈ మెట్టును తేలిగ్గా తీసుకోవద్దు.

స్విచ్ సంగతి పూర్తిగా తేలాలంటే రెండు దిక్కులా ఒకేసారి నింపి చూడండి. `--bidir` అన్నది iperf3 3.7 నుంచి ఉంది.

```
iperf3 -c 10.10.10.2 -t 30 --bidir
```

ఒక్కో దిక్కున తొమ్మిది వందల పైన రావాలి. నేరుగా కలిపినప్పుడు వచ్చి, స్విచ్ మీద పడిపోతే స్విచ్‌నే అనుమానించాలి. పోర్టు మార్చగానే బాగైతే ఆ ఒక్క పోర్టు పోయింది. ఎక్కడ పెట్టినా అంతే అయితే స్విచ్ మార్చాల్సిందే.

మేనేజ్డ్ స్విచ్ అయితే ఇంకోటి చూడాలి. ఎవరో ఎప్పుడో ఒక పోర్టును వంద, ఫుల్ డూప్లెక్స్ అని గట్టిగా కట్టేసి ఉంటారు. అవతలి మెషిన్ ఆటోలో ఉంటుంది. అటువైపునుంచి సంప్రదింపు జవాబు రాక ఆటోలో ఉన్నది ఒకసారికి ఒక దిక్కునే నడిచే హాఫ్ డూప్లెక్స్‌కు దిగిపోతుంది. పింగ్ బాగానే వస్తుంది, ఐపెర్ఫ్ పెట్టగానే వేగం కుప్పకూలుతుంది. పైన చెప్పిన ethtool వరుసలో Duplex: Half అని కనిపిస్తే సంగతి ఇదే. రెండు వైపులా ఆటోలో పెట్టేయండి.

మూడో మెట్టు: పొడవాటి కేబుల్

గోదావరి జిల్లాల్లో ఎక్కువ పని ఇక్కడే ఉంటుంది. నరసాపురం వైపునా, కోనసీమలోనూ ఉప్పుగాలికి, తేమకు ప్లగ్గుల్లోని రాగికి చిలుము పడుతుంది. ప్లాంట్లలో నేల కడిగే నీళ్లు, మంచు ఎప్పుడూ ఉంటాయి. మిల్లుల్లో కేబుల్‌ను త్రీఫేజ్ వైర్ల పక్కనే ఒకే పైపులో లాగేస్తారు.

కేబుల్‌ను కొలిచేటప్పుడు మధ్యలో స్విచ్ ఉండకూడదు. దీనికి గట్టి కారణం ఉంది. చెడిపోయిన ఫ్రేము స్విచ్‌కు చేరితే, స్విచ్ దాన్ని అక్కడే పారేస్తుంది, ముందుకు పంపదు. అవతలి లాప్‌టాప్‌కు ఫ్రేము రాలేదని తప్ప చెడిపోయిందని తెలియదు. మీ స్విచ్ లెక్కలు చూపించని రకమైతే ఆ సాక్ష్యం అక్కడితో పోయినట్టే. అందుకని హాలు కేబుల్‌ను స్విచ్‌నుంచి పీకి, ఈ కొసకు ఒక లాప్‌టాప్, హాల్లో ఆ కేబుల్ వచ్చి ఆగే ఐఓ బాక్సు దగ్గర రెండో లాప్‌టాప్ నేరుగా పెట్టండి. కొలిచే ముందూ తర్వాతా రెండు లాప్‌టాప్‌లలోనూ తప్పుల లెక్క చూడండి:

```
ethtool -S enp2s0 | grep -iE 'crc|err'
```

పేర్లు కార్డును బట్టి మారతాయి. చాలావాటిలో చెడిపోయి అందిన ఫ్రేములను లెక్కపెట్టే crc అన్న వరస ఉంటుంది, అది లేని కార్డుల్లో rx_errors చూడండి. అందులో ఉన్న అంకెకన్నా టెస్ట్ నడిచిన ముప్పై సెకన్లలో అది పెరిగిందా లేదా అన్నది ముఖ్యం. మంచి కేబుల్ మీద పెరగకూడదు.

ప్లాంట్‌లో హాలునుంచి ఆఫీసుకు పంపినప్పుడు 940 వచ్చింది, Retr సున్నా. ఆఫీసునుంచి హాలుకు పంపితే ఇలా:

```
[  5]  0.00-30.00 sec  1.38 GBytes  395 Mbits/sec  2143  sender
```

లింకు మాత్రం 1000Mb/s అనే చూపిస్తోంది, పోర్టు మీద దీపం ఎప్పటిలాగే వెలుగుతోంది. హాల్లోని లాప్‌టాప్‌లో crc లెక్క గబగబా పెరిగింది, ఆఫీసు లాప్‌టాప్‌లో కదల్లేదు. అంటే హాలు కొసలో అందుకునేటప్పుడు చెడిపోతున్నాయి. ఇలా ఒక కొసలోనే లెక్క పెరిగితే ముందు ఆ కొసలోని ప్లగ్గునూ ఐఓ బాక్సునూ అనుమానించండి. సరిగా బిగించని చోట జతల మధ్య ఒకదాని సంకేతం ఇంకోదాంట్లోకి కారుతుంది, ఆ దెబ్బ పక్కనే ఉన్న పోర్టుకే గట్టిగా తగులుతుంది.

తెరిచే ముందు ఇంకో పని చేయండి. టెస్ట్‌ను ఎక్కువసేపు పెట్టి, ఒకరు అంకెలు చూస్తుండగా ఇంకొకరు కేబుల్ కొసను మెల్లగా అటూ ఇటూ కదపండి.

```
iperf3 -c 10.10.10.2 -t 600 -i 1
```

హాల్లో ఐఓ బాక్సు దగ్గర వేలు పెట్టి కదిపినప్పుడల్లా అంకె రెండు వందలకు జారి మళ్లీ నాలుగు వందలకు ఎక్కింది. బాక్సు మూత విప్పాం. గోధుమరంగు జతను రెండంగుళాల మేర పురి విప్పేసి బిగించారు, ఆ రెండు గాట్ల దగ్గర రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. అక్కడికి కోసేసి, కొత్త జాక్ పెట్టి, పురిని గాటు దాకా అలాగే ఉంచి బిగించాక రెండు దిక్కులా 941, crc కదల్లేదు. మూత మళ్లీ బిగించేటప్పుడు కేబుల్ కింది వైపునుంచి లోపలికి వచ్చేలా మళ్లించాం, నీటిచుక్క తీగవెంట జారి బాక్సులోకి దిగకుండా.

పొడవాటి కేబుల్ మీద 395 బదులు కచ్చితంగా 94 వచ్చి ఉంటే వెతకాల్సింది వేరు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. వందకు నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలు. కాబట్టి నీలం జత గానీ గోధుమ జత గానీ ఎక్కడో తెగితే, చాలా కార్డులు చప్పుడు చేయకుండా వందకు దిగి పనిచేస్తూనే ఉంటాయి. ప్లగ్గులో 4, 5, 7, 8 పిన్నులు చూడండి. రెండు కొసలూ మళ్లీ క్రింప్ చేసినా వందే వస్తుంటే కేబుల్ లోపలే తెగింది. చవకగా దొరికే, అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుళ్లలో ఇది తరచుగా చూస్తుంటాం. బ్లేడుతో తీగను గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అలాంటి కేబుల్‌కు ఎన్నిసార్లు కొసలు మార్చినా ప్రయోజనం లేదు, మంచి రాగి కేబుల్ లాగించడమే దారి.

ఇంకో రకం కూడా ఉంది. పొద్దున కొలిస్తే 941, సాయంత్రం జనాలు మళ్లీ గొడవపెడతారు. అమోనియా కంప్రెసరు గానీ, మిల్లులో పెద్ద మోటారు గానీ స్టార్ట్ అయ్యే వేళను అడిగి తెలుసుకుని, ఆ సమయానికి పది నిమిషాల టెస్ట్ నడుస్తుండేలా పెట్టండి. మోటారు అందుకున్న క్షణంలోనే అంకె పడి, Retr ఎగబాకితే కేబుల్ పవర్ వైరు పక్కన పోతోంది. ప్లగ్గులు మార్చడం దానికి మందు కాదు, దారి మార్చాలి. వంద మీటర్లు దాటిన చోటా, ఒక షెడ్డునుంచి ఇంకో షెడ్డుకు ఆరుబయట పోయే చోటా రాగి వదిలేసి ఫైబర్ వేయడమే నా సలహా. పిడుగుల కాలంలో పోర్టులూ దక్కుతాయి. కొనే మీడియా కన్వర్టర్ గిగాబిట్‌దో కాదో మాత్రం చూసుకోండి, వంద ఎంబీపీఎస్‌వి ఇంకా అమ్ముతున్నారు.

నాలుగో మెట్టు: సర్వర్

ఇప్పుడు స్విచ్, కేబుల్ రెండూ 941 ఇస్తున్నాయని చేతిలో రుజువు ఉంది. హాల్లో లాప్‌టాప్ అలాగే ఉంచి, కేబుళ్లను స్విచ్‌లోని గిగాబిట్ పోర్టుల్లో పెట్టేసి, సర్వర్‌లో `iperf3 -s` నడిపి, లాప్‌టాప్‌నుంచి సర్వర్ నంబరుకు రెండు దిక్కులా కొలవండి. లాప్‌టాప్‌కు ఈసారి ఆఫీసు నెట్‌వర్క్ నంబరు ఉండాలి. ఇక్కడ వేగం పడిపోతే తప్పు సర్వర్ నెట్‌వర్క్ కార్డులోనో, డ్రైవర్‌లోనో, దాని ప్యాచ్ కార్డులోనో ఉంది. మొదట ఆ ప్యాచ్ కార్డు మార్చండి, అది అన్నిటికన్నా చవక. టెస్ట్ నడుస్తుండగా సర్వర్‌లో `top` తెరిచి ప్రాసెసర్ ఊపిరాడక ఉందేమో కూడా చూడండి.

ప్లాంట్ సర్వర్ 938 ఇచ్చింది. అంటే నెట్‌వర్క్ వరకు దానికి వంక పెట్టలేం. కానీ పెద్ద ఫైలు కాపీ చేస్తే సెకనుకు 35 ఎంబీ దగ్గర ఆగిపోతోంది. 941 ఎంబీపీఎస్ అంటే ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 117 ఎంబీ, కాపీ 110 దాకా రావాలి. ఈ తేడా ఎక్కడిదో ఐపెర్ఫ్‌తోనే అడగొచ్చు. `-F` ఇస్తే పంపేవైపు మెమరీలోంచి కాకుండా డిస్క్ మీది ఫైలులోంచి చదివి పంపుతుంది. లాప్‌టాప్‌లో `iperf3 -s` పెట్టి, సర్వర్‌నుంచి ఇలా:

```
iperf3 -c 192.168.1.50 -t 120 -F /srv/data/pedda.bin
```

మొదటిసారి 290 వచ్చింది. వెంటనే అదే ఫైలుతో మళ్లీ కొడితే 938. రెండోసారి ఫైలు అప్పటికే సర్వర్ మెమరీలో ఉంది, డిస్క్ తాకాల్సిన అవసరం పడలేదు. దారి అదే, కేబుల్ అదే, మారింది డిస్క్ ఒక్కటే. రెండు సార్లూ 938 వచ్చి కాపీ మాత్రమే నెమ్మదిగా ఉంటే యాంటీవైరస్ వైపూ ఫైల్ షేరింగ్ సెట్టింగ్స్ వైపూ చూడాల్సివచ్చేది. ఈ పరీక్షకు సర్వర్ మెమరీలో సులువుగా పట్టేంత, కానీ ఒకటి రెండు జీబీలకు తగ్గని ఫైలు ఎంచుకోండి. ఆ రోజు ఇంకా ఎవరూ తెరవనిదైతే మొదటి అంకె నిజం చెబుతుంది.

కాబట్టి మేనేజర్ గారి ప్రశ్నకు జవాబు, సర్వర్ కొనక్కర్లేదు, అందులో పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టండి అని. స్విచ్‌లో సర్వర్‌నూ హాలునూ గిగాబిట్ పోర్టులకు మార్చాం. ఆ రెండూ నిండిపోయాయి కాబట్టి ఆఫీసులో మిగతా సీట్ల కోసం వేరే గిగాబిట్ స్విచ్ తెప్పించుకోమన్నాం. కెమెరాలు పాతదాంట్లోనే ఉండొచ్చు, వాటికి వంద సరిపోతుంది.

వచ్చే ముందు ప్రతి కేబుల్‌కూ రెండు దిక్కుల అంకెలు, తేదీ, crc పెరిగిందా లేదా అన్నది కాగితం మీద రాసి స్విచ్ పెట్టె తలుపు లోపల అంటించండి. వానాకాలం తర్వాత మళ్లీ కొలిచినప్పుడు ఏ కొస దిగజారుతోందో ఆ కాగితంతో పోల్చితే తెలుస్తుంది. సర్వర్‌లో నడుస్తున్న `iperf3 -s` ఆపేయడం మరచిపోవద్దు. టెస్ట్ కోసం ఫైర్‌వాల్‌లో 5201 తెరిచి ఉంటే అది కూడా మూసేయండి:

```
sudo ufw delete allow 5201/tcp
```